కీమో తర్వాత నోటిపూతకు పారాసిటమాల్ వేసే ముందు

కీమో అయ్యాక సాధారణంగా 7 నుంచి 14 రోజుల మధ్య ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు బాగా పడిపోతాయి, నోటిపూత కూడా దాదాపు అప్పుడే వస్తుంది. నొప్పి తట్టుకోలేక పారాసిటమాల్ వేసుకుంటే అది జ్వరాన్ని కప్పేస్తుంది, లోపల ఇన్ఫెక్షన్ మొదలైనా తెలియదు. మా వార్డుకి వచ్చిన ఒకామె పదో రోజున పెదవి లోపల తెల్లటి పుండ్లతో ఉదయం నుంచీ మాత్రలే వేసుకుంది, ఒళ్లు చల్లగానే ఉంది కదా అని ఇంట్లో ఆగింది, సాయంత్రం వణుకుతూ వచ్చేసరికి బీపీ పడిపోయి ఉంది.

అందుకే మాత్రకు ముందే థర్మామీటర్ పెట్టి చూడండి. వేడివి తాగిన వెంటనే నోట్లో పెట్టకండి, మలద్వారంలో అసలే వద్దు, అక్కడ చిన్న గీత పడినా ఇన్ఫెక్షన్‌కి దారే. 38 సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్ చూపిస్తే మాత్ర ఆపి వెంటనే ఆస్పత్రికి ఫోన్ చేసి బయలుదేరండి, చేరిన గంటలోపు యాంటీబయాటిక్ మొదలవ్వాలి. వణుకు వస్తే జ్వరం లేకపోయినా ఇదే పని.