పిల్లి రాత్రంతా అరుస్తుంటే నడుము నిమిరి చూడండి

ఆపరేషన్ చేయించని ఆడపిల్లి ఉన్నట్టుండి గొంతు చించుకుని అరుస్తూ, నేలమీద దొర్లుతుంటే కడుపునొప్పేమోనని చాలామంది కంగారుపడతారు. అప్పుడు తోక మొదలుకు కాస్త పైన, నడుము మీద మెల్లగా నిమరండి. ఎదకు వచ్చిన పిల్లి ముందుకాళ్లు నేలకు ఆనించి, వెనుక భాగం పైకెత్తి, తోకను పక్కకు తిప్పుకుని, వెనుక కాళ్లతో అక్కడికక్కడే అడుగులు వేస్తుంది. నొప్పితో ఉన్న పిల్లి మాత్రం సాధారణంగా ముట్టుకోనివ్వదు, మూలకు నక్కుతుంది.

కుక్కలకు కనిపించినట్టు పిల్లులకు ఎదలో రక్తం కనిపించదు. రక్తమో చీమో కారుతూ, తిండి మానేసి నీళ్లు ఎక్కువగా తాగుతుంటే గర్భసంచిలో చీము పట్టి ఉండవచ్చు. అది ప్రాణాంతకం, ఆ రోజే పశువైద్యుడికి చూపించండి.

నాలుగు నెలల కూన కూడా ఎదకు రావచ్చు. ఒక్కో ఎద సుమారు వారం ఉంటుంది. మగపిల్లి కలవకపోతే రెండు మూడు వారాల్లో మళ్లీ మొదలవుతుంది. ఆ అరుపు దాని చేతిలో లేదు, దయచేసి కొట్టకండి. తలుపులు, కిటికీలు మూసి ఉంచండి, సందు దొరికితే బయటికి దూకేస్తుంది. ఆపరేషన్‌కు తేదీ మాత్రం వైద్యుణ్ణి అడిగి ఇప్పుడే ఖాయం చేసుకోండి.