వడ్డీ లేని ఆఫీస్ లోన్‌పై పన్ను లెక్క ఎలా వేసుకోవాలి?

హనుమకొండలో ఒక ప్రైవేట్ ఇంజినీరింగ్ కాలేజీ అసోసియేట్ ప్రొఫెసర్ అనుకుందాం. చెల్లెలి పెళ్లి కోసం మేనేజ్‌మెంట్ దగ్గర 3 లక్షల లోన్ తీసుకున్నారు. వడ్డీ పైసా లేదు. నెలకు 20,000 చొప్పున జీతంలో కోసుకుంటారు. ఏడాది చివర్లో జీతం స్లిప్పులో టీడీఎస్ ఒక్కసారిగా పెరిగేసరికి అకౌంట్స్ సెక్షన్‌కు వెళ్లి అడిగారు: "వడ్డీ లేని లోనే గదా సార్, దీనికి ట్యాక్స్ ఏంది?"

అడగాల్సిన ప్రశ్నే. పన్ను పడేది లోన్ మీద కాదు, మిగిలిన వడ్డీ మీద. అదే లోన్ బ్యాంకులో తీసుకుంటే ఎంత వడ్డీ కట్టేవారో, అంత లాభం యజమాని చేతుల మీదుగా మీకు అందినట్టు చట్టం లెక్కగడుతుంది. దాన్ని పెర్క్విజిట్ అంటారు, అంటే జీతంతో పాటు అందే సౌకర్యం. ఆ విలువను జీతంలో కలిపి పన్ను వేస్తారు. ఇక్కడ చెప్పే లెక్క 2025-26 ఆర్థిక సంవత్సరానిది, అంటే ఆదాయపు పన్ను రూల్స్, 1962లోని 3(7)(i) ప్రకారం వేసేది. దాన్ని మీ చేత్తో మీరే వేసుకోవచ్చు. వేసుకోవాలి కూడా, ఎందుకంటే అకౌంట్స్ వాళ్లు తప్పు చేసేది ఎక్కువగా ఇక్కడే.

ముందు: అది లోనా, అడ్వాన్సా?

మంజూరు లెటర్ తీసి చదవండి. రాబోయే నెలల జీతాన్ని ముందే ఇస్తే అది జీతం అడ్వాన్స్. అందిన ఏడాదిలోనే మొత్తం జీతంగా పన్నుకు వస్తుంది, దానికి ఈ వడ్డీ లెక్క వర్తించదు. వాయిదాల్లో తిరిగి కట్టాల్సిన అప్పయితేనే ఈ లెక్క. మన దగ్గర రెండింటినీ "అడ్వాన్స్" అనే పిలుస్తారు కాబట్టి, నోటిమాట కాకుండా కాగితం మీద ఏముందో చూడాలి. లోన్ మీ పేరు మీద కాకుండా భార్య పేరునో, పిల్లల పేరునో, తల్లిదండ్రుల పేరునో ఇచ్చినా తేడా లేదు. మీ ఇంట్లో వాళ్లకు ఇచ్చిన లోన్ మీకు ఇచ్చినట్టే.

రెండు సందర్భాల్లో మాత్రం పెర్క్విజిట్ విలువ సున్నా. ఒకటి, లోన్లన్నీ కలిపి 20,000 దాటకపోతే. ఇది తగ్గింపు కాదు, గీత. 25,000 తీసుకున్నవారికి 5,000 మీద కాదు, మొత్తం 25,000 మీద లెక్క మొదలవుతుంది. పండుగకు 12,000, స్కూల్ ఫీజుకు 15,000 అని విడివిడిగా తీసుకున్నా కలిపే చూస్తారు. పెద్ద లోన్ వాయిదాలు కట్టీ కట్టీ 18,000కు దిగినంత మాత్రాన మినహాయింపు రాదు. చూసేది మొదట తీసుకున్న మొత్తాన్నే.

రెండోది, రూల్ 3ఏ జాబితాలో ఉన్న జబ్బుల వైద్యానికి తీసుకున్న లోన్. క్యాన్సర్, క్షయ, ఆపరేషన్ అవసరమైన గుండె జబ్బు ఆ జాబితాలో ఉన్నాయి. అయితే ఆ ఖర్చులో ఇన్సూరెన్స్ తిరిగి ఇచ్చిన భాగానికి మినహాయింపు వర్తించదు. ఆస్పత్రి బిల్లులు, ఇన్సూరెన్స్ సెటిల్‌మెంట్ లెటర్ రెండూ దాచుకోవడం అందుకే.

తర్వాత: ఎస్‌బీఐ రేటు పట్టుకోండి

మీ జీతం ఏ బ్యాంకులో పడినా, మీకు అప్పు ఎవరు ఇచ్చినా, పోల్చేది స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా రేటుతోనే. అదీ ఆ ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న ఉన్న రేటు. లోన్ జూన్‌లో తీసుకున్నా, నాలుగేళ్ల కింద తీసుకున్నా, 2025-26 లెక్కకు 2025 ఏప్రిల్ 1 నాటి రేటే. ఏడాది మధ్యలో బ్యాంకు వడ్డీ తగ్గించినా ఆ ఏడాది లెక్క మారదు.

ఒక్క ఎస్‌బీఐనే కొలబద్దగా పెట్టడం అన్యాయమని బ్యాంకు ఉద్యోగుల సంఘాలు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. 2024 మే 7న కోర్టు ఈ రూల్ చెల్లుతుందని తీర్పు చెప్పింది. అందరికీ ఒకే కొలత ఉంటే వివాదాలు తగ్గుతాయన్నది కోర్టు చెప్పిన కారణాల్లో ఒకటి. కాబట్టి "మా బ్యాంకు రేటే తక్కువ" అన్న వాదన ఇప్పుడు పనిచేయదు.

రేటు ఎంచుకునేటప్పుడు లోన్ ఎందుకు తీసుకున్నారన్నదే ముఖ్యం. అదే అవసరానికి ఎస్‌బీఐ ఇచ్చే లోన్ రేటు తీసుకోవాలి. ఇల్లు కట్టుకోవడానికైతే హోమ్ లోన్ రేటు, కారుకైతే కార్ లోన్ రేటు, చదువుకైతే ఎడ్యుకేషన్ లోన్ రేటు. పెళ్లిలాంటి ఖర్చుకు పర్సనల్ లోన్ రేటు పడుతుంది, అది హోమ్ లోన్ కంటే బాగా ఎక్కువ. ఇల్లు కట్టడానికి తీసుకున్న లోన్ లెటర్‌లో "వ్యక్తిగత అవసరం" అని రాసేస్తే, ఆ ఒక్క మాటకు లోన్ తీరేదాకా ఏటా ఎక్కువ పన్ను పడుతుంది. దరఖాస్తులోనే అసలు కారణం రాయండి.

అసలు పని: నెలాఖరు బాకీలు

లెక్కలో గుండెకాయ ఇదే. ప్రతి నెల చివరి రోజున ఎంత బాకీ మిగిలిందో చూసి, దాని మీద ఒక నెల వడ్డీ వేయాలి. నెల మధ్యలో ఏం జరిగిందన్నది పట్టదు. మన ప్రొఫెసర్ లోన్ 2025 జూన్ 10న అందింది. జూలై జీతం నుంచి కోత మొదలైంది, జీతం నెల చివరి రోజున పడుతుంది. అప్పుడు నెలాఖరు బాకీలు ఇలా ఉంటాయి:

| నెల | నెలాఖరు బాకీ (రూ.) |
|---|---|
| జూన్ 2025 | 3,00,000 |
| జూలై | 2,80,000 |
| ఆగస్టు | 2,60,000 |
| సెప్టెంబర్ | 2,40,000 |
| అక్టోబర్ | 2,20,000 |
| నవంబర్ | 2,00,000 |
| డిసెంబర్ | 1,80,000 |
| జనవరి 2026 | 1,60,000 |
| ఫిబ్రవరి | 1,40,000 |
| మార్చి | 1,20,000 |
| మొత్తం | 21,00,000 |

లెక్క తేలిగ్గా ఉండటానికి రేటు 12 శాతం అనుకుందాం. మీ లెక్కలో మాత్రం ఎస్‌బీఐ వెబ్‌సైట్‌లో ఆ తేదీకి ఉన్న అసలు రేటే వేయాలి. 12 శాతం అంటే నెలకు ఒక శాతం, అంటే మన భాషలో నూటికి రూపాయి వడ్డీ. 21,00,000లో ఒక శాతం 21,000. పెర్క్విజిట్ విలువ అదే.

కాలేజీ 4 శాతం వడ్డీ తీసుకుని ఉంటే, ఇవే బాకీల మీద ప్రొఫెసర్ కట్టిన వడ్డీ 7,000 అవుతుంది. దాన్ని తీసేస్తే మిగిలేది 14,000. రూల్‌లో ఉన్న మాట "నిజంగా కట్టిన వడ్డీ". లెటర్‌లో 4 శాతం అని రాసి ఉండటం చాలదు, జీతం స్లిప్పులో ఆ వడ్డీ కోత కనబడాలి.

తప్పులు వచ్చేదీ ఇక్కడే. కొందరు మొదటి మొత్తం 3 లక్షల మీదే పది నెలలకూ వడ్డీ వేసేస్తారు, అప్పుడు 30,000 వస్తుంది. ఇంకొందరు లోన్ జూన్‌లో ఇచ్చినా పన్నెండు నెలలకు లెక్క కట్టి 36,000 చూపిస్తారు. మీకు చూపించిన అంకెను మొదటి లోన్ మొత్తంతో భాగించి చూడండి. సరిగ్గా ఎస్‌బీఐ రేటే వస్తే, కట్టిన వాయిదాలను అసలు లెక్కలోకి తీసుకోలేదన్నమాట.

జీతం పడే తేదీ కూడా లెక్కను మారుస్తుంది. జూలై జీతం ఆగస్టు 5న పడితే, జూలై నెలాఖరుకు బాకీ ఇంకా 3 లక్షలే. అప్పుడు మొత్తం 22,80,000 అయి, పెర్క్విజిట్ 22,800కు పెరుగుతుంది. ఇది ఎవరి తప్పూ కాదు, రూల్ ప్రకారమే జరిగే తేడా.

ఈ 21,000కు మీ జేబు నుంచి ఎంత పోతుంది?

అందరికీ ఒకేలా పోదు. మన ప్రొఫెసర్ జీతం నెలకు 1,06,250, ఏడాదికి 12,75,000. కొత్త పన్ను విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోతే సరిగ్గా 12 లక్షలు. 2025-26లో అక్కడిదాకా రిబేటు వల్ల పన్ను సున్నా. పెర్క్విజిట్ కలిస్తే ఆదాయం 12,21,000 అవుతుంది, రిబేటు గీత దాటుతుంది. స్లాబుల ప్రకారం పన్ను 63,150. కానీ 12 లక్షలు దాటిన మొత్తం కంటే పన్ను ఎక్కువ ఉండకుండా చట్టం ఊరట ఇస్తుంది. దానివల్ల పన్ను 21,000 దగ్గర ఆగుతుంది. 4 శాతం సెస్సు 840 కలిపితే 21,840. అంటే మిగిలిందనుకున్న వడ్డీ మొత్తం, దాని మీద ఇంకో 840 కూడా పన్నుకే పోయింది.

ఇదే లోన్ 8 లక్షల జీతం ఉన్న ల్యాబ్ అసిస్టెంట్ తీసుకుంటే, వేరే ఆదాయం లేకపోతే, పన్ను పడదు. 15 లక్షల జీతం ఉన్నవారికి 15 శాతం స్లాబులో 3,150, సెస్సుతో 3,276. గీత దగ్గర ఉన్నవాళ్లకే దెబ్బ గట్టిగా తగులుతుంది, వాళ్లే లోన్ తీసుకునే ముందు ఈ లెక్క వేసుకోవాలి. మన ప్రొఫెసర్ జనవరి 31 లోపు మిగతా బాకీ అంతా తీర్చేసి ఉంటే, చివరి మూడు నెలల 4,20,000 లెక్కలోంచి పోయేది. పెర్క్విజిట్ 4,200 తగ్గి, సెస్సుతో కలిపి 4,368 పన్ను మిగిలేది. ఫిబ్రవరి 1న తీరిస్తే జనవరి నెల వడ్డీ అలాగే ఉండిపోతుంది. తీర్చగలిగితే నెలాఖరు లోపే తీర్చండి.

ఫారం 16 వచ్చాక

ఫారం 16తో పాటు ఫారం 12బీఏ అడిగి తీసుకోండి. అందులో ఐదో వరుస వడ్డీ లేని, తక్కువ వడ్డీ లోన్లది. అక్కడి అంకె మీ లెక్కతో సరిపోవాలి. సరిపోకపోతే నెలాఖరు బాకీల పట్టిక ఒక కాగితం మీద రాసి అకౌంట్స్ సెక్షన్‌కు ఇవ్వండి. నోటితో వాదించడం కంటే ఆ పది వరుసలు చూపిస్తే పని త్వరగా అవుతుంది. జనవరి-మార్చి టీడీఎస్ రిటర్న్ గడువు మే 31, ఆ లోపు చెబితే వాళ్లకు దిద్దడం సులువు. తర్వాతైతే సవరణ రిటర్న్ వేయాలి. వాళ్లు దిద్దకపోయినా మీ రిటర్న్‌లో సరైన విలువ చూపించే హక్కు మీకుంది. కాకపోతే ఫారం 16తో తేడా కనబడుతుంది కాబట్టి నోటీసు రావచ్చు. లోన్ లెటర్, జీతం స్లిప్పులు, ఎస్‌బీఐ రేటు పేజీ ప్రింట్ ఒకే ఫైల్‌లో పెట్టుకోండి.

2026 మార్చి 31న మిగిలిన 1,20,000 బాకీకి ఏప్రిల్ నుంచి లెక్క మళ్లీ మొదలవుతుంది. రేటు 2026 ఏప్రిల్ 1 నాటిది తీసుకోవాలి. అదే రోజు నుంచి ఆదాయపు పన్ను చట్టం, 2025 అమలవుతుంది కాబట్టి, మినహాయింపు పరిమితిని కూడా పాత 20,000 అనుకోకుండా కొత్త రూల్స్‌లో చూసి వేయాలి.