అర నిమిషం స్క్రిప్టును 15 సెకన్లకు కుదించడం ఎలా?

వానాకాలం మొదలవగానే మున్సిపాలిటీ చెత్తబండి మైకులో, లోకల్ ఎఫ్ఎంలో వినిపించే డెంగీ ప్రకటననే తీసుకుందాం. ఎక్కడ చూసినా స్క్రిప్టు దాదాపు ఇలాగే ఉంటుంది:

"ప్రియమైన ప్రజలారా! వర్షాకాలం ప్రారంభమైన నేపథ్యంలో దోమల ద్వారా డెంగీ, మలేరియా, చికున్‌గున్యా వంటి వ్యాధులు ప్రబలే అవకాశం ఉంది. కావున మీ ఇంటి పరిసరాల్లోని కూలర్లు, డ్రమ్ములు, పూలకుండీలు, పాత టైర్లు, కొబ్బరి చిప్పల్లో నీరు నిల్వ ఉండకుండా చర్యలు తీసుకోవాలి. ప్రతి శుక్రవారం డ్రైడే పాటించాలి. జ్వరం వచ్చినట్లయితే వెంటనే దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రిని సంప్రదించాలి. మీ ఆరోగ్యమే మా బాధ్యత."

1. మాటలు కాదు, అక్షరాలు లెక్కపెట్టండి

15 సెకన్లకు ఇన్ని మాటలు అని ఇంగ్లీషువాళ్లు వేసుకునే లెక్క మనకు పనికిరాదు. "వచ్చినట్లయితే" ఒక్క మాటే, కానీ నోటికి ఆరు అక్షరాలు. "వస్తే" అంటే రెండే. వినేవాడికి అర్థమయ్యేలా చదివితే సెకనుకు అయిదారు అక్షరాలు పడతాయి. ముందూ వెనకా కాస్త ఖాళీ, మధ్యలో ఊపిరి తీసుకునే చోట్లు పోగా 15 సెకన్లకు 70-75 అక్షరాలు మిగులుతాయి. పై స్క్రిప్టులో దాదాపు 150 ఉన్నాయి.

అంకెలతో జాగ్రత్త. పది అంకెల ఫోన్ నంబరు కాగితం మీద చిన్నదే. తెలుగులో చదివితే "తొమ్మిది, ఎనిమిది, నాలుగు" అంటూ అయిదు సెకన్లు మింగేస్తుంది. పైగా దాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోరు.

2. విన్నవాళ్లు ఏం చేయాలో ఒక్క వాక్యంలో రాయండి

స్క్రిప్టు పక్కన పెట్టి, కొత్త కాగితం మీద రాయండి: "ప్రతి శుక్రవారం నీళ్లు పారబోయాలి." అసలు విషయం ఇదే. డెంగీ దోమ గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి సుమారు వారం, పది రోజులు పడుతుంది. వారానికోసారి నీళ్లు తీసేస్తే అది మధ్యలోనే ఆగిపోతుంది. ఈ వాక్యానికి పనికిరానిది ఎంత మంచిదైనా పోవాల్సిందే.

3. ఇప్పుడు కత్తెర

మొదట పోయేది పలకరింపు, "నేపథ్యంలో". వాన పడుతోందని జనానికి మైకు చెప్పక్కర్లేదు. మొదటి రెండు ముక్కలకే, అంటే "ప్రబలే అవకాశం ఉంది" దాకా, 50 అక్షరాలు ఖర్చయ్యాయి. అప్పటికి చేయాల్సిన పని ఒక్కటీ చెప్పలేదు!

తర్వాత మలేరియా. అది వేరే దోమ, వేరే సంగతి. ఒక్క జబ్బే ఉంచండి. అయిదు వస్తువుల జాబితాలో ఇంటిల్లిపాదికీ కళ్ల ముందు కనిపించే మూడు చాలు. "చర్యలు తీసుకోవాలి" అన్నది ఆఫీసు భాష. ఏం చేయాలో చెప్పకుండానే ఎనిమిది అక్షరాలు తినేస్తుంది. చివరి నినాదం ఆఫీసర్ల తృప్తి కోసం, దాన్ని తీయించడానికే ఎక్కువ వాదించాల్సి వస్తుంది.

జ్వరం వస్తే ఆసుపత్రికి వెళ్లమనడం అవసరమే. కానీ అది రెండో ప్రకటన, దానికి మరో 15 సెకన్లు అడగండి. రెండు పనులు ఒకేసారి చెబితే వినేవాళ్లకు ఏదీ నిలవదు.

4. తీయకూడని చిన్న మాటను పట్టుకోండి

అందరూ పొరపాటుపడేది ఇక్కడే. కుదించేటప్పుడు "ఖాళీ చేయండి" అంటే సరిపోతుందనిపిస్తుంది. సరిపోదు. ఈ దోమ గుడ్లు పాత్ర లోపలి గోడకు, నీటి అంచు దగ్గర అంటుకుని ఉంటాయి. ఎండినా నెలల తరబడి బతికుండి, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. కాబట్టి అసలు స్క్రిప్టులో లేని "రుద్ది" అనే మాటను మనమే చేర్చాలి. ఒక మాట తీసేసినా విన్నవాళ్లు పని సరిగ్గానే చేస్తారా అని చూసుకోండి. చేయలేరంటే అది ఉండాలి.

మిగిలింది ఇది:

"కూలర్లో నీళ్లు ఎన్ని రోజులుగా ఉన్నాయి? వారం దాటితే అందులోంచి డెంగీ దోమలు లేస్తాయి. ప్రతి శుక్రవారం కూలరు, డ్రమ్ము, పూలకుండీ ఖాళీ చేసి, లోపల రుద్ది, ఆరబెట్టండి. శుక్రవారం... నీళ్లు పారబోసే రోజు."

72 అక్షరాలు. శుక్రవారం రెండుసార్లు వచ్చింది, కావాలనే. మిగతావి మర్చిపోయినా రోజు గుర్తుండాలి.

5. ఫోన్‌లో రికార్డు చేసి వినిపించండి

మనసులో చదువుకుంటే టైమ్ ఎప్పుడూ తక్కువే వస్తుంది. గట్టిగా చదివి, స్టాప్‌వాచ్ పెట్టి చూడండి. 16 సెకన్లు వస్తే గబగబా చదివించకండి, ఎడిటింగ్‌లో స్పీడు పెంచకండి. ఒత్తులు కలిసిపోయి చెత్తబండి మైకులో ఏమీ తెలియదు. ఒక వస్తువు తీసేయండి, డ్రమ్ము పోయినా నష్టం లేదు.

తర్వాత, స్క్రిప్టు చూడని ఒకరికి ఒక్కసారి వినిపించండి. వంటింట్లో మిక్సీ తిరుగుతున్నప్పుడైతే మరీ మంచిది. "ఏం చేయమన్నారు? ఎప్పుడు?" అని అడగండి. "దోమల గురించి ఏదో చెప్పారు" అంటే రెండో మెట్టుకు వెళ్లాలి. పని చెప్పి రోజు మర్చిపోతే, చివరి "శుక్రవారం" తర్వాత ఇంకో అర సెకను ఆగి చదివించండి.