స్కూటర్ రిపేరు నేర్చుకుందాం – 6వ పాఠం: ఎత్తు ఎక్కేటప్పుడు లాగని బండి

పోయిన పాఠంలో ఎడమవైపు కవర్ విప్పి బెల్ట్, ముందు పుల్లీ, వెనక పుల్లీ ఎక్కడెక్కడ ఉంటాయో చూశాం. ఈసారి కవర్ జోలికి పోకముందే చేయాల్సిన పని చూద్దాం. చదునైన రోడ్డు మీద బాగానే పోయే బండి ఎత్తు రాగానే నీరసపడిపోతే, తప్పు ఎక్కడుందో సగానికి పైగా చెవితోనే తేల్చుకోవచ్చు.

ముందు రెండు చిన్న విషయాలు చూసుకోండి. టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి. బండిని సెంటర్ స్టాండ్ మీద పెట్టి, ఇంజిన్ ఆపి, వెనక చక్రాన్ని చేత్తో తిప్పితే తేలిగ్గా తిరగాలి. బ్రేకు పట్టేసి ఉంటే అది ముందు సరిచేయండి. ఇంకో మాట: ఇద్దరు ఎక్కినప్పుడు నిటారు ఎత్తు మీద 110 సీసీ బండి నెమ్మదించడం రోగం కాదు, దాని శక్తే అంత. ఇదివరకు సులువుగా ఎక్కిన ఎత్తునే ఇప్పుడు ఎక్కలేకపోతున్నప్పుడే ఈ పాఠం పనికొస్తుంది.

ఇప్పుడు అదే ఎత్తుకు వెళ్లి, వెనకా ముందూ బండ్లు లేనప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి ఇంజిన్ శబ్దం వినండి. ఇంజిన్ గట్టిగా అరుస్తూ, బండి మాత్రం అంతంతమాత్రంగా కదులుతుంటే ఇంజిన్‌లో శక్తి ఉంది, అది చక్రం దాకా చేరడం లేదు. ఎక్కడో జారుతోంది. అరిగి నునుపెక్కిన బెల్టో, అరిగిన క్లచ్ షూలో కారణం. బయలుదేరేటప్పుడే ఎక్కువగా జారి, మాడు వాసన వస్తే క్లచ్‌ను అనుమానించండి. వేగం అందుకున్నాక కూడా రేస్ పెంచగానే శబ్దం ఒక్కసారిగా ఎగిరి, బండి అక్కడే ఉంటే బెల్ట్ వైపు చూడండి. బెల్ట్ వెడల్పును వెర్నియర్‌తో మూడు నాలుగు చోట్ల కొలిచి, మీ బండి మాన్యువల్‌లో ఇచ్చిన కనీస కొలతతో పోల్చాలి. చాలా బండ్లకు కొత్త బెల్ట్‌కూ మార్చాల్సిన బెల్ట్‌కూ తేడా ఒక మిల్లీమీటరు అటూ ఇటూగానే ఉంటుంది కాబట్టి చూపుతో అంచనా వేయడం కుదరదు.

రెండో రకం దీనికి తలకిందులు. ఎత్తు రాగానే ఇంజిన్ శబ్దం బరువెక్కి, కిందికి దిగిపోయి, బండి ఈడ్చుకుంటూ పోతుంది. ఇలాంటప్పుడు చాలా చోట్ల మొదట ఎయిర్ ఫిల్టర్ మార్చేస్తారు. అది విప్పడం సులువు కాబట్టి మార్చడమే తప్ప, ప్రతిసారీ తప్పు దానిదే అని కాదు. ఫిల్టర్ మూసుకుపోతే ఇంజిన్‌కు గాలి ఎక్కువ కావాల్సిన చోట, అంటే పూర్తి రేస్‌లో, ఎక్కువ వేగంలో లోటు తెలుస్తుంది. అందుకే చదును రోడ్డు మీద కూడా బండి పాత వేగాన్ని అందుకోదు. కార్బురేటర్ బండి అయితే పెట్రోలు పాలు ఎక్కువై స్పార్క్ ప్లగ్ నల్లగా మసి పట్టి ఉంటుంది, మైలేజీ కూడా పడిపోతుంది. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండిలో మసి అంతగా కనిపించకపోవచ్చు, కానీ పూర్తి రేస్‌లో శక్తి తగ్గుతుంది. నూనె పూసిన కాగితం ఫిల్టర్‌ను గాలి కొట్టి మళ్లీ వాడకండి. నూనె పొర చెదిరి దుమ్ము లోపలికి పోతుంది. దాన్ని మార్చేయడమే.

ఫిల్టర్ బాగుండీ శబ్దం దిగిపోతుంటే, తప్పు గేరు నిష్పత్తిలో ఉన్నట్టు. బండి పరుగెత్తుతున్నప్పుడు ముందు పుల్లీలోని రోలర్లు బెల్ట్‌ను పైకి నెడతాయి, వెనక పుల్లీలో బెల్ట్ కిందికి దిగుతుంది. అది మన టాప్ గేరు. ఎత్తు మీద బరువు పడగానే వెనక పుల్లీ రెండు పళ్లేలు ఒకదానితో ఒకటి కాస్త మెలితిరిగి దగ్గరవ్వాలి. ఏటవాలుగా కోసిన గాడుల్లో చిన్న పిన్నులు జారడం వల్ల ఇది జరుగుతుంది. అప్పుడు వెనక బెల్ట్ పైకొచ్చి, ముందు కిందికి జారి, బండి దానంతటదే చిన్న గేరులోకి వస్తుంది. ఆ గాడుల్లో గ్రీజు ఎండిపోతే పిన్నులు పట్టేస్తాయి. బండి పెద్ద గేరులోనే ఇరుక్కుపోయి ఎత్తుతో పెనుగులాడుతుంది.

దీన్ని పట్టుకోవడానికి అదే ఎత్తును రెండు విధాలుగా ఎక్కండి. ఒకసారి కింది నుంచి వేగంగా వచ్చి ఎక్కండి. రెండోసారి ఎత్తు మధ్యలో పూర్తిగా ఆగి, అక్కడి నుంచి బయలుదేరండి. వేగంగా వచ్చినప్పుడు నీరసపడి, ఆగి బయలుదేరితే చురుగ్గా ఎక్కితే ఇంజిన్‌కు ఊపిరి బాగానే అందుతోంది, చిన్న గేరులోకి దిగడమే రావడం లేదు. వెనక పుల్లీని అనుమానించండి. అలా కాక, చదునులో కూడా సిగ్నల్ దగ్గర ఆగి బయలుదేరిన ప్రతిసారీ మూడో గేరులో కదిలినట్టు మొద్దుగా ఉండి, వేగం అందుకున్నాక మామూలుగా పోతే ముందు పుల్లీలో బెల్ట్ కిందికి రావడం లేదు. ఒకవైపు అరిగి చదునైన రోలర్లు చాలాసార్లు ఇక్కడే దొరుకుతాయి.

ఉదాహరణకు దాదాపు 30 వేల కిలోమీటర్లు తిరిగిన ఒక 110 సీసీ బండిని తీసుకుందాం. ఫిల్టర్ మార్చారు, బెల్ట్ మార్చారు, ఎత్తు మీద మాత్రం తేడా రాలేదు. చదునులో వేగం బాగుంది, ప్లగ్ లేత గోధుమ రంగులో ఉంది. అంటే గాలి, పెట్రోలు సరిగ్గానే అందుతున్నాయి. పరుగు మీద ఎత్తు ఎక్కితే శబ్దం దిగిపోతోంది, మధ్యలో ఆగి బయలుదేరితే పరుగెత్తుతోంది. ఇక్కడికి ఊహించే పని అయిపోయింది.

కవర్ విప్పి, ఇంజిన్ చల్లారాక, వెనక పుల్లీ పళ్లేల మధ్యకి బెల్ట్‌ను చేత్తో గట్టిగా నొక్కితే పళ్లేలు విడిపోతాయి. వదలగానే స్ప్రింగు బలానికి టప్పున మూసుకోవాలి. ఈ బండిలో అవి తడబడుతూ నెమ్మదిగా మూసుకున్నాయి. తేలిగ్గా మూసుకున్నా పిన్నుల గాడుల్లో గుంట పడి ఉండవచ్చు కాబట్టి, ఈ పరీక్షలో పాసైనంత మాత్రాన వెనక పుల్లీ పూర్తిగా నిర్దోషి కాదు.

దాన్ని లోపల విప్పే పని మాత్రం స్ప్రింగును నొక్కిపట్టే పరికరం లేకుండా చేయకండి. పెద్ద నట్టు ఊడగానే క్లచ్ ప్లేటు ముఖం మీదికి ఎగిరి వస్తుంది. పరికరం లేకపోతే మెకానిక్‌కు ఇచ్చి, పిన్నులు, గాడులు శుభ్రం చేసి గ్రీజు పెట్టమని అడగండి. అలా ప్రత్యేకంగా అడక్కపోతే చాలాసార్లు ఆ భాగం విప్పనే విప్పరు. మన ఉదాహరణ బండిలో విప్పి చూస్తే గ్రీజు మైనంలా గట్టిపడి ఉంది. గాడులు అరగలేదు. కిరోసిన్‌తో కడిగి, ఆరబెట్టి, కొత్త ఓ-రింగులు వేసి, వేడికి తట్టుకునే గ్రీజు కొద్దిగా రాస్తే చాలు. ఎక్కువ పెడితే అది చిమ్మి బెల్ట్ మీద, క్లచ్ మీద పడి, అప్పటిదాకా లేని జారుడు రోగం మొదలవుతుంది.

మళ్లీ బిగించేటప్పుడు ఒక్క విషయం దగ్గర ఆగండి. వెనక పుల్లీలోకి బెల్ట్‌ను లోతుగా నొక్కిపట్టి, ముందు వైపు బెల్ట్ వదులుగా వేలాడేలా చూసుకున్నాకే ముందు పుల్లీ నట్టు బిగించాలి. అలా చేయకపోతే బెల్ట్ పళ్లేల మధ్య ఇరుక్కుంటుంది, నట్టు బిగిసిందని అనిపిస్తుంది. తీరా ఇంజిన్ తిరగగానే బెల్ట్ సర్దుకుని నట్టు వదులవుతుంది, క్రాంక్ షాఫ్ట్ పళ్లు అరిగిపోతాయి. నట్టు బిగించాల్సిన టార్క్ మాన్యువల్‌లో ఉన్నంతే.

తర్వాత అదే ఎత్తును పరుగు మీద ఎక్కి చూడండి. వాలు మొదలై రేస్ తిప్పగానే ఇంజిన్ శబ్దం పైకి లేచి, వేగం కొంత తగ్గినా శబ్దం అక్కడే నిలబడితే పిన్నులు కదులుతున్నట్టు. వచ్చే పాఠంలో ముందు పుల్లీ విప్పి, రోలర్ల అరుగుదల కొలుద్దాం. వెర్నియర్, మీ బండి మాన్యువల్ దగ్గర పెట్టుకోండి.