కండ, కొవ్వు, క్యాలెండర్ – 3వ భాగం: నెలల లెక్క వేసుకోవడం

పోయిన భాగంలో రెండు పనులు చెప్పాను. రెండు వారాలు తిన్నదంతా రాసుకోమన్నాను, రోజూ పొద్దున్నే బాత్రూముకి వెళ్ళొచ్చాక ఏమీ తాగకముందే బరువు చూసి వారానికి సగటు తీయమన్నాను. ఆ రెండు అంకెలు చేతిలో ఉంటేనే ఈ పాఠం పనికొస్తుంది. లేకపోతే ఇక్కడే ఆగి, అవి పూర్తి చేసుకుని రండి.

చాలామంది ముందు తేదీ పెట్టుకుంటారు. చెల్లెలి పెళ్ళి మూడు నెలల్లో ఉంది, అప్పటికి పన్నెండు కిలోలు తగ్గాలి అంటారు. లెక్క అటు నుంచి రాదు. కండ పోకుండా కొవ్వు తగ్గాలంటే వారానికి శరీర బరువులో అర శాతం నుంచి ఒక శాతం వరకు తగ్గడం సరైన వేగం, అందులోనూ ఉద్యోగం, ఇల్లు చూసుకుంటూ నెలల తరబడి నిలబెట్టుకోగలిగేది అర శాతానికి దగ్గరగానే ఉంటుంది. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలు ఉంటాయి కాబట్టి రోజుకి 500 తగ్గించి తింటే వారానికి 3,500, అంటే అర కిలో కంటే కొంచెం తక్కువే కరుగుతుంది. ముందు ఈ వేగంతో నెలలు తీయండి, తేదీ ఆ తర్వాత దానంతటదే వస్తుంది.

ఒక ఉదాహరణ మొదటి నుంచి చివరి దాకా చూద్దాం. తిరుపతిలో ఒక షాపులో బిల్లింగ్ దగ్గర రోజంతా కూర్చునే మనిషి అనుకోండి, వయసు 34, ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 86 కిలోలు, వారానికి మూడు రోజులు జిమ్‌కి వెళ్తాడు. రెండు వారాలు రాసుకుంటే రోజుకి 2,400 కేలరీల దగ్గర బరువు కదలకుండా ఉందని తేలింది. 74 కిలోలకి రావాలి, ఆ తర్వాత భుజాలు, ఛాతీ నిండుగా కనిపించాలి, ఇదీ కోరిక. 12 కిలోల్ని వారానికి 450 గ్రాములతో భాగిస్తే 27 వారాలు వస్తుంది. ఆరు నెలలకి పైమాటే, అదీ ఒక్క వారం కూడా తప్పకపోతే. అంతకాలం ఏకబిగిన కటింగ్, అంటే తిండి తగ్గించి కొవ్వు కరిగించే పని, చేస్తే మధ్యలో నిద్ర చెడుతుంది, జిమ్‌లో ఎత్తే బరువులు పడిపోతాయి, ఎప్పుడు చూసినా తిండి మీదే ధ్యాస. అందుకే దాన్ని రెండుగా విరిచి మధ్యలో మెయింటెనెన్స్, అంటే బరువు కదలకుండా సరిపడా తినే కాలం, పెడతాం.

సంక్రాంతి అయిపోయాక, జనవరి 20 ప్రాంతంలో మొదటి కటింగ్, 12 వారాలు. ఆ 500 ఎక్కడి నుంచి తీయాలంటే, తన వాటాకి వచ్చే వంట నూనెలో రెండు టేబుల్ స్పూన్లు తగ్గితే 240, రాత్రి ఒక కప్పు అన్నం తగ్గితే 200, రెండు టీలలో చక్కెర మానేస్తే మిగిలింది. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం సంగటి, పప్పు అన్నీ అలాగే ఉంటాయి. జిమ్‌లో మాత్రం బరువులు తగ్గించకూడదు, ఎందుకంటే ఈ నెలల్లో కండని కాపాడేది ఆ బరువులూ, ప్రోటీనూనే. మొదటి వారం ఒక కిలో పైన తగ్గితే పొంగిపోవద్దు, అందులో ఎక్కువ భాగం నీళ్ళు. ఇంకో విషయం, మన ఊళ్ళో ఇది చాలామందికి ఎదురవుతుంది: అలిపిరి నుంచి కొండ నడిచి ఎక్కిన మర్నాడు బరువు తగ్గకపోగా పెరిగి కనిపిస్తుంది. నొప్పులు పట్టిన కండరాలు నీళ్ళు పట్టి ఉంచుతాయి, మూడు నాలుగు రోజుల్లో దిగిపోతుంది. అందుకే ఒక్క రోజు అంకెని కాకుండా వారం సగటుని చూడమన్నాను. నెలసరి వచ్చే ఆడవాళ్ళు ఈ వారాన్ని పోయిన వారంతో కాకుండా పోయిన నెల ఇదే వారంతో పోల్చుకోవాలి, లేకపోతే లేని టెన్షన్ పడతారు.

సగటు మూడు వారాలు కదలకపోతే ముందు నోట్సు చూసుకోండి, నూనె, చిరుతిళ్ళు రాయడం మానేసి ఉంటారు. నిజంగా అన్నీ రాస్తున్నా కదలకపోతే అప్పుడు ఇంకో 100 తగ్గించండి లేదా రోజూ అరగంట నడక కలపండి. రెండూ ఒకేసారి వద్దు.

ఏప్రిల్ మధ్యకి ఇతను 80 దగ్గరికి వస్తాడు. ఇక్కడ మెయింటెనెన్స్, మే మధ్య వరకు. నెలని ఊరికే ఎంచలేదు. మామిడిపండ్లు దిగేది అప్పుడే, గంగమ్మ జాతర మేలోనే, ఇంటికి చుట్టాలొస్తారు. ఆ రోజుల్లో తక్కువ తినాలని పెట్టుకుంటే రోజూ ప్లాన్ తప్పుతుంది, కాబట్టి అప్పుడు సరిపడా తినడమే ప్లాన్ అవ్వాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. మెయింటెనెన్స్ అంటే పాత 2,400కి తిరిగి వెళ్ళడం అనుకుంటారు. 80 కిలోల ఒంటికి 86 కిలోల ఒంటికి కావలసినంత అక్కర్లేదు, పైగా కటింగ్‌లో మనిషి తనకి తెలియకుండానే తక్కువ కదులుతాడు. ఇతనికి 2,250 దగ్గర సరిపోతుంది. 1,900 నుంచి అక్కడికి వెళ్ళిన మొదటి వారంలో ఒక కిలో పెరుగుతుంది. అన్నం పెరిగింది కాబట్టి కండరాల్లో పిండిపదార్థం నిల్వ, దాంతోపాటు నీళ్ళు చేరాయి, అంతే. ఆ ఒక్క కిలో చూసి భయపడి మళ్ళీ కటింగ్‌లోకి దూకేవాళ్ళే ఏళ్ళ తరబడి అక్కడక్కడే తిరుగుతుంటారు. రెండో వారం నుంచి సగటు నిలబడిందా అన్నదే చూడండి, ఇంకా ఎక్కుతుంటే 100 తగ్గించండి.

మే మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా రెండో కటింగ్, 1,800 కేలరీల దగ్గర. ఈసారి వేగం తగ్గుతుంది, వారానికి 400 గ్రాములు వస్తే చాలు. 13 వారాలకి 75. లక్ష్యం 74 కదా అంటారు, ఆ కిలో వదిలేయమంటాను నేను. వినాయక చవితి, బ్రహ్మోత్సవాలు వరుసగా వచ్చే కాలంలో ఒక్క కిలో కోసం ఇంకో నెల అరకడుపుతో లాగితే, ఆపాక ఎక్కువ తిని మూడు కిలోలు పెరుగుతారు. అక్టోబరు మధ్య వరకు రెండు నెలలు 2,100–2,150 దగ్గర నిలబెట్టడం ఎక్కువ విలువైన పని. ఆకలి మామూలుగా వేస్తోంది, నిద్ర పడుతోంది, జిమ్‌లో బరువులు పాత స్థాయికి వచ్చాయి అంటే ఒళ్ళు బల్కింగ్‌కి, అదే కొంచెం ఎక్కువ తిని కండ పెంచే దశకి, సిద్ధంగా ఉన్నట్టు.

బల్కింగ్‌లో మెయింటెనెన్స్ మీద 200 కేలరీలే ఎక్కువ, అంటే సాయంత్రం ఒక గుప్పెడు వేరుశనక్కాయలు, అంతకు మించి కాదు. నెలకి అర కిలో నుంచి ముప్పావు కిలో పెరగాలి. కండ అంతకంటే వేగంగా పెరగదు, మిగిలింది కొవ్వుగా చేరుతుంది. నడుముని బొడ్డు దగ్గర రెండు వారాలకోసారి టేపుతో కొలవండి. బరువు రెండు కిలోలు పెరిగేలోపే నడుము మూడు సెంటీమీటర్లకి మించి పెరిగితే 100 కేలరీలు తగ్గించాలి, ఇది నేను వాడే హద్దు. మార్చి మధ్యకి ఇతను 78 దగ్గర ఉంటాడు, కానీ 86 నుంచి దిగుతూ 78 దాటినప్పటి చొక్కా ఇప్పుడు భుజాల దగ్గర బిగుతుగా, పొట్ట దగ్గర వదులుగా ఉంటుంది. మొత్తం 14 నెలలు.

షుగర్‌కి మాత్రలో ఇన్సులినో, బీపీకి మందులో వాడుతుంటే తిండి తగ్గించే ముందు డాక్టరుకి చెప్పాలి, డోసు మార్చాల్సి రావచ్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు కటింగ్ జోలికి ఇప్పుడు వెళ్ళొద్దు.

ఈ వారం పని: గోడ క్యాలెండర్ తీసుకుని, మీ ఇంట్లో తిండి తప్పించుకోలేని వారాలు ముందు పెన్సిల్‌తో గుర్తుపెట్టండి, పెళ్ళిళ్ళు, జాతర, పండగలు, ఊరి ప్రయాణాలు. మెయింటెనెన్స్ అక్కడ పడుతుంది, మిగిలిన ఖాళీల్లో 8 నుంచి 13 వారాల కటింగ్ ముక్కలు పెట్టండి. వచ్చే భాగంలో శాకాహారులకి సంగటి, పప్పు, పెరుగు, మీల్‌మేకర్‌తో రోజుకి సరిపడా ప్రోటీన్ ఎలా లాగాలో చూద్దాం.