మోటారు తిరగగానే బోర్డు రీసెట్ అవుతోందా? డ్రైవర్, పవర్ ఇలా సరిచేయండి

హనుమకొండలో డిప్లొమా చదువుతున్న మా అక్క కొడుకు మొన్న ఓ చిన్న రోబో బండి పట్టుకొచ్చాడు. "మామా, మోటర్ తిరగంగనే బోర్డు బందయి మళ్ల మొదటికెల్లి షురూ అయితుంది" అన్నాడు. కోడ్‌లో తప్పుందేమోనని రెండు రాత్రులు వెతికాడట. బండిలో ఉన్నవి ఆర్డుయినో ఉనో, పసుపు రంగు బీఓ మోటార్లు రెండు, ఎల్298ఎన్ డ్రైవర్, మల్టీమీటర్లో వేసే చదరపు 9 వోల్టుల బ్యాటరీ. ఆ బ్యాటరీని చూడగానే సగం సంగతి అర్థమైంది.

ముందు రోగం తేల్చుకోండి

ఉనో మీద 'ఎల్' అని రాసి ఉన్న చిన్న ఎల్ఈడీ 13వ పిన్‌ది. అది setup()లో నాలుగైదు సార్లు మిణుకుమనేలా కోడ్ రాసి, దాన్ని చూస్తూ మోటారు ఆన్ చేయండి. అదే క్షణంలో అది టపటపా మిణుకుమంటే బోర్డు రీసెట్ అయినట్టే. ఇప్పుడు డ్రైవర్ నుంచి ఉనోకు వచ్చే 5 వోల్టుల వైరు పీకేసి, గ్రౌండ్ వైరు మాత్రం ఉంచి, ఉనోకు ల్యాప్‌టాప్ నుంచి పవర్ ఇవ్వండి. రీసెట్ ఆగితే వోల్టేజీ పడిపోవడమే కారణం. ఆగకపోతే మోటారు బ్రష్‌ల నాయిస్‌ను అనుమానించాలి. మల్టీమీటర్‌తో ఈ పతనం దొరకదు. కొన్ని మిల్లీసెకన్లలో జరిగిపోతుంది కాబట్టి మీటర్ అమాయకంగా 8 పైనే చూపిస్తుంది.

మోటారు ఎంత లాగుతుందో కొలవండి

ఆగి ఉన్న మోటారు కదిలే క్షణంలో దాదాపు స్టాల్ కరెంటు, అంటే షాఫ్ట్ ఇరుక్కుపోతే లాగేంత కరెంటు, లాగుతుంది. తిరిగేటప్పటి కరెంటుకు అది ఎన్నో రెట్లు. మోటారు వైర్లు విప్పి ఓమ్స్‌లో కొలవండి. షాఫ్ట్‌ను కొంచెం కొంచెం తిప్పుతూ, వచ్చిన వాటిలో అతి తక్కువ విలువ తీసుకోండి. మావాడి మోటారుకు 6 ఓమ్‌లు వచ్చింది. తర్వాత మేం పెట్టబోయే రెండు లిథియం సెల్స్ నిండా చార్జ్ అయితే 8.4 వోల్టులు:

```
I = V / R = 8.4 / 6 = 1.4 A
```

రెండు మోటార్లకు 2.8 ఆంపియర్లు. చదరపు బ్యాటరీ లోపలే 2 ఓమ్‌ల నిరోధం ఉందనుకుంటే, 2 ఆంపియర్లు లాగేసరికి 4 వోల్టులు దానిలోనే పోతాయి. మిగిలిన 5లో డ్రైవర్ మీది రెగ్యులేటర్ ఇంకొంత తినేస్తుంది. ఉనో చిప్ 2.7 వోల్టుల దగ్గర తనే రీసెట్ అయ్యేలా సెట్ చేసి ఉంటుంది. ఇక బతికేదెట్లా?

డ్రైవర్ మార్చండి

ఎల్298ఎన్ పాత రకం. 1 ఆంపియర్ దగ్గరే 2 నుంచి 3 వోల్టుల దాకా వేడిగా పోగొడుతుంది. చిన్న బ్యాటరీ బండికి అది దండగ అని నా అభిప్రాయం. మేం టీబీ6612 పెట్టాం. లోపల మాస్‌ఫెట్లు కాబట్టి నష్టం చాలా తక్కువ. ఒక్కో చానల్‌కు నిలకడగా 1.2, క్షణకాలం మాత్రం 3.2 ఆంపియర్ల దాకా ఇస్తుంది. మా 1.4 స్టార్టింగ్‌లో మాత్రమే కాబట్టి సరిపోతుంది. చక్రం ఇరుక్కుని అలాగే ఉండిపోయే పని అయితే ఇంకా పెద్ద డ్రైవర్ చూడాలి. దీని ఎస్‌టీబీవై పిన్‌ను 5 వోల్టులకు కలపడం మరిచిపోతే మోటారు అసలు కదలదు.

పవర్ దారులు వేరుచేయండి

చదరపు బ్యాటరీ తీసేసి, ప్రొటెక్షన్ బోర్డుతో రెండు 18650 సెల్స్ సిరీస్‌లో పెట్టండి. బ్యాటరీ ప్లస్ నుంచే రెండు దారులు తీయాలి. ఒకటి నేరుగా డ్రైవర్‌కు. అక్కడ డ్రైవర్ పక్కనే 470 మైక్రోఫారడ్ కెపాసిటర్. రెండోది 1ఎన్5819 డయోడ్ గుండా, వోల్టేజీ తగ్గించే, 5 వోల్టులకు సెట్ చేసిన బక్ కన్వర్టర్‌కు, అక్కడి నుంచి ఉనో 5 వోల్టుల పిన్‌కు. డయోడ్ గీత బక్ వైపు ఉండాలి. డయోడ్ తర్వాత 1000 మైక్రోఫారడ్, 16 వోల్టుల కెపాసిటర్ పెట్టండి. బ్యాటరీ వోల్టేజీ పడిపోయినా ఈ కెపాసిటర్‌లోని చార్జ్ మోటారు వైపు వెనక్కి పోలేదు. బోర్డు 50 మిల్లీ ఆంపియర్లు లాగుతూ, పతనం 20 మిల్లీసెకన్లు ఉందనుకుంటే:

```
ΔV = I × t / C = 0.05 × 0.02 / 0.001 = 1 V
```

తగ్గేది ఒక్క వోల్టే. కోడ్ ఎక్కించేటప్పుడు మాత్రం బక్ వైరు తీసేసి యూఎస్‌బీ పెట్టండి.

గ్రౌండ్ దగ్గరే చాలామంది తప్పు చేస్తారు. డ్రైవర్ గ్రౌండ్‌ను ఉనో మీదుగా తిప్పకండి. రెండిటి మైనస్ వైర్లూ విడివిడిగా బ్యాటరీ మైనస్ దగ్గరికే రావాలి. రెండు బ్యాటరీలు వాడినా మైనస్‌లు కలపాల్సిందే, లేకపోతే డ్రైవర్‌కు సిగ్నల్ అర్థం కాదు. గ్రౌండ్ పూర్తిగా విడదీయాలంటే ఆప్టోకప్లర్ కావాలి. ఇంత చిన్న బండికి అవసరం లేదు.

నాయిస్ కోసం ప్రతి మోటారు రెండు కాళ్ల మధ్య '104' అని రాసి ఉండే సిరామిక్ కెపాసిటర్ టంకం పెట్టండి. స్టార్టింగ్ కూడా మెల్లగా ఇవ్వండి:

```
for (int d = 0; d <= 200; d += 5) {
  analogWrite(5, d);
  delay(10);
}
```

చివరగా మోటారు తిరుగుతుండగా చక్రాన్ని చేత్తో ఒక్క సెకను పట్టుకోండి. ఎల్ లైటు మిణుకుమనకూడదు. మావాడి బండి మొదట ఇక్కడే ఒకసారి రీసెట్ అయింది. చూస్తే బ్రెడ్‌బోర్డులో గ్రౌండ్ వైరు వదులుగా ఉంది. టంకం వేశాక మళ్లీ పట్టుకున్నాం, లైటు కదల్లేదు.