గురుపూర్ణిమకు దీక్ష తీసుకుంటున్నారా? ముందు ఇవి చూసుకోండి

ఆషాఢ పౌర్ణమి దగ్గరపడింది. బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో దీక్షల ఆహ్వానాలు మొదలయ్యాయి.

• "ఇంట్లో చెప్పకు" అన్నారా? అక్కడే ఆగండి. మంత్రాన్ని గుట్టుగా ఉంచడం సంప్రదాయమే. డబ్బు, ఒంటరి భేటీలు, శారీరక స్పర్శ గుట్టుగా ఉంచమనడం సంప్రదాయం కాదు. మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన ఉచిత ధ్యానం క్లాసుకని వెళ్లాడు. తర్వాత మూడు వేల కోర్సు, ఆపైన పాతిక వేల "రెండో మెట్టు". భార్య అడిగితే "ఆవిడ నీ సాధనకు అడ్డు" అన్నారట. చివరికి ఎఫ్‌డీ విరిచాడు. ముందు మనిషిని ఇంటినుంచి విడదీశారు, డబ్బు ఆ తర్వాతే పోయింది.

• ప్రశ్న అడిగి చూడండి. గురువు ఎందుకంటే, మన తప్పు మనకు వినపడదు కాబట్టి. వేదం చెప్పుకునేటప్పుడు స్వరం తప్పితే పుస్తకం దిద్దదు, ఎదురుగా కూర్చున్నవాడే దిద్దాలి. దిద్దేవాడికి ప్రశ్నంటే కోపం రాదు. సందేహాన్ని "అహంకారం" అని నోరు మూయిస్తే అనుమానించండి.

• ఆ గురువును దిద్దేవాళ్లు ఎవరో కనుక్కోండి. ముండకోపనిషత్తు గురువుకు రెండు లక్షణాలు చెప్పింది: శ్రోత్రియుడు, అంటే వేదం చదువుకున్నవాడు; బ్రహ్మనిష్ఠుడు, అంటే బ్రహ్మంలోనే మనసు నిలిపినవాడు. మొదటిదాన్ని విచారించవచ్చు, ఎవరి దగ్గర చదివారో అడగొచ్చు. రెండోది పోస్టర్ చూస్తే తెలిసేది కాదు. తైత్తిరీయోపనిషత్తులో ఆచార్యుడే శిష్యుడితో అంటాడు: మాలోని మంచి నడవడినే అనుసరించు, మిగతావి వద్దు.

• మానేసినవాళ్లతో మాట్లాడండి. "వదిలితే కీడు" అని బెదిరించారేమో వాళ్లే చెబుతారు.